విండోస్ 11లో మూడు పాత గేములు: నా అనుభవం

పాత గేములు కొత్త కంప్యూటర్‌లో నడుస్తాయా అని అడిగితే, గేమ్ ఎంత పాతదైతే అంత కష్టం అని చాలామంది అనుకుంటారు. మూడు గేములు ముందేసుకుని కూర్చున్నాక నాకు కనిపించింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1990 నాటి డాస్ గేమ్ అన్నిటికన్నా సాఫీగా నడిచింది. 1997 నాటిది బతిమాలించుకుని నడిచింది. మూడింటిలోకీ కొత్తది, 2003 నాటిది, అసలు తెరుచుకోలేదు.

మా అక్క కొడుకు వేసవి సెలవులకి మా ఇంటికి వచ్చాడు. మేం చిన్నప్పుడు ఆడిన గేములు చూపించమని ఒకటే గొడవ. నా దగ్గర ఉన్నవి ఇవి: పాత డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్‌లో మిగిలిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఫోల్డర్, మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ సీడీ, జీటీఏ వైస్ సిటీ ఒరిజినల్ సీడీలు. లాప్‌టాప్ విండోస్ 11ది, సీడీ డ్రైవ్ లేదు. కాబట్టి యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కొన్నాను. దానితో పేచీ ఏమీ రాలేదు, సీడీలన్నీ చక్కగా చదివింది.

ముందు ప్రిన్స్. `PRINCE.EXE` మీద డబుల్ క్లిక్ చేస్తే వెంటనే నీలం రంగు పెట్టె వచ్చింది: "This app can't run on your PC". ఈ మాట చూసి ఫైల్ పాడైందనో, వైరస్ అనో అనుకోనక్కర్లేదు. ఇది 16-బిట్ ప్రోగ్రామ్. పాత 32-బిట్ విండోస్‌లలో ఇలాంటి వాటిని నడపడానికి ఎన్‌టీవీడీఎం అని ఒక భాగం ఉండేది. ప్రాసెసర్‌లో పాత 8086 చిప్‌లా ప్రవర్తించే ఒక పద్ధతి ఉంటుంది, అది దాని మీద ఆధారపడేది. 64-బిట్ విండోస్ నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ ఆ పద్ధతిలోకి వెళ్ళలేదు. విండోస్ 10 వరకూ 32-బిట్ రకం దొరికేది కాబట్టి ఒక దారి ఉండేది. విండోస్ 11 వచ్చిందే 64-బిట్‌లో. అంటే ఏ సెట్టింగ్ మార్చినా, కంపాటిబిలిటీ మోడ్‌లో "విండోస్ 95" అని ఎంచుకున్నా, ఇది నేరుగా నడవదు. ఆ ప్రయత్నం మీద ఒక్క నిమిషం కూడా పెట్టొద్దు.

దీనికి మందు డాస్‌బాక్స్. ఇది ఉచిత ప్రోగ్రామ్. పాత కంప్యూటర్ మొత్తాన్ని, అంటే ప్రాసెసర్, వీజీఏ కార్డు, సౌండ్ బ్లాస్టర్ అన్నిటినీ, సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి చూపిస్తుంది. ప్రిన్స్ ఫోల్డర్‌ను `C:\olddos\prince` దగ్గర పెట్టి, డాస్‌బాక్స్ తెరిచి ఈ నాలుగు లైన్లు కొట్టాను:

```
mount c c:\olddos
c:
cd prince
prince
```

అంతే, గేమ్ వచ్చేసింది. శబ్దం వచ్చింది, కత్తుల చప్పుడు వచ్చింది, గంట లోపల రాకుమారిని విడిపించాలన్న ఆ టెన్షన్ కూడా వచ్చింది. మూడో లెవెల్ నుంచి కంట్రోల్, జీ నొక్కి సేవ్ చేసుకోవడం అప్పట్లాగే పనిచేసింది. ఆ సేవ్ ఫైల్ మన మామూలు ఫోల్డర్‌లోనే పడుతుంది కాబట్టి దాన్ని కాపీ చేసి దాచుకోవచ్చు కూడా.

ఒక్కటే తేడాగా అనిపించింది. ప్రిన్స్ కాస్త పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. మామూలుగా చూసేవాళ్ళకి తెలియదు గానీ, ఆ గేమ్‌తో పెరిగినవాళ్ళకి వెంటనే తడుతుంది. కారణం ఇదీ. డాస్ గేములు 320×200 చుక్కల్లో బొమ్మ గీసేవి. ఆ కొలతను లెక్కేస్తే 16:10 నిష్పత్తి. కానీ అప్పటి మానిటర్లు 4:3. ఆ మానిటర్ మీద బొమ్మ నిలువుగా సాగి నిండేది. అంటే ఒక్కో చుక్క వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా ఉండేది, బొమ్మలు గీసినవాళ్ళు ఆ సాగుడును లెక్కలో పెట్టుకునే గీశారు. ఇప్పటి తెర మీద చుక్కలు చదరంగా ఉంటాయి కాబట్టి మనిషి కురచైపోతాడు. డాస్‌బాక్స్ సెట్టింగుల ఫైల్‌లో ఒక్క మాట మారిస్తే సరిపోతుంది:

```
[render]
aspect=true
```

మళ్ళీ తెరిస్తే ప్రిన్స్ అసలు పొడవుతో నిలబడ్డాడు. డాస్‌బాక్స్ స్టేజింగ్ అని దీనికే ఇంకో రకం ఉంది, అందులో ఈ సవరణ ముందే చేసి ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను అదే చెబుతాను.

ఇంకో సంగతి. ప్రిన్స్‌లో మొదటి లెవెల్ అవగానే సీసాలున్న గది వస్తుంది. ఒక్కో సీసా మీద ఒక అక్షరం. గేమ్‌తో వచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా పదం చూసి, దాని మొదటి అక్షరం ఉన్న సీసా తాగాలి. దొంగ కాపీలను ఆపడానికి పెట్టిన తాళం అది. పుస్తకం స్కాన్ చేసింది ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, పక్కన పెట్టుకుంటే సరిపోయింది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ కాగితం తాళం చెక్కుచెదరలేదు. వైస్ సిటీ దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రెండోది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. ఇది విండోస్ 95 కోసం చేసిన 32-బిట్ గేమ్. 64-బిట్ విండోస్ 32-బిట్ ప్రోగ్రాములను నడుపుతుంది కాబట్టి ఇక్కడ నమ్మకంగానే కూర్చున్నాను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాను. `Program Files` ఫోల్డర్‌లో కాకుండా `C:\Games\Age` లో పెట్టాను. ఆ కాలం గేములు సేవ్ ఫైళ్ళను తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. `Program Files` లో రాయడానికి ఇప్పటి విండోస్ మామూలు ప్రోగ్రాములను ఒప్పుకోదు. ఆ ఫైళ్ళను నిశ్శబ్దంగా `VirtualStore` అనే వేరే ఫోల్డర్‌కి మళ్ళిస్తుంది. తర్వాత సేవ్ చేసిన ఆటలు ఎక్కడికి పోయాయో అంతుపట్టదు.

ఆ కాలం సీడీల్లో ఇంకో చిక్కు కూడా ఎదురవుతుంది. గేమ్ 32-బిట్ అయినా, దాన్ని ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ 16-బిట్‌ది కావచ్చు. అప్పుడు సెటప్ దగ్గరే ప్రిన్స్‌కి వచ్చిన పెట్టె వస్తుంది. ఆ పెట్టె సెటప్ దగ్గర వస్తే గేమ్ మీద ఆశ వదులుకోనక్కర్లేదు. నా సీడీకి ఆ బాధ లేదు, సెటప్ సాఫీగా అయ్యింది.

గేమ్ తెరవగానే విండోస్ ఒక పెట్టె చూపించింది, డైరెక్ట్‌ప్లే కావాలని. నలుగురు కలిసి నెట్‌వర్క్‌లో ఆడటానికి అప్పటి గేములు వాడిన భాగం అది. ఇప్పటి విండోస్‌లో ఉంది గానీ ఆపేసి ఉంటుంది. "Install this feature" నొక్కితే పనైపోయింది. ఆ పెట్టె రాకపోతే "Turn Windows features on or off" లో "Legacy Components" కింద మనమే టిక్ పెట్టుకోవచ్చు.

అసలు సమస్య తర్వాత వచ్చింది. "Could not initialize graphics system" అని చెప్పి గేమ్ మూసుకుపోయింది. గ్రాఫిక్స్ కార్డు చాలక కాదు. ఈ గేమ్ 256 రంగుల తెర అడుగుతుంది, ఇప్పటి కార్డులూ విండోసూ ఆ రకం తెరను నిజంగా ఇవ్వవు. `Empires.exe` మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కి వెళ్ళి, "Reduced color mode" లో "8-bit (256) color" ఎంచుకున్నాను. ఈసారి తెరుచుకుంది. పక్కన కూర్చున్న మేనల్లుడు ముందు చూశాడు.

"మావయ్యా, నీళ్ళు ఎర్రగా ఉన్నాయేంటి?"

నిజమే. నీళ్ళలో ఎర్రటి మరకలు, గడ్డి ఊదారంగు. కానీ చెట్లు చెట్ల ఆకారంలోనే ఉన్నాయి, మనుషులు సరిగ్గా నడుస్తున్నారు, అక్షరాలు చదవడానికి బాగానే ఉన్నాయి. ఈ తేడా గమనించడం ముఖ్యం. ఆకారాలు చెదిరిపోయి, ముక్కలు ముక్కలుగా కనిపిస్తే కార్డునో డ్రైవర్‌నో అనుమానించాలి. ఆకారం సరిగ్గా ఉండి రంగు మాత్రమే తప్పితే, అది రంగుల పట్టిక గొడవ.

ఆ పట్టిక ఏమిటంటే, 256 రంగుల గేమ్‌లో ఒక్కో చుక్కకి రంగు రాసి ఉండదు, ఒక నంబర్ రాసి ఉంటుంది, 0 నుంచి 255 వరకు. ఏ నంబర్‌కి ఏ రంగో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. పిల్లల రంగులు వేసే పుస్తకంలో 1 అంటే ఆకుపచ్చ, 2 అంటే నీలం అని మూల రాసి ఉంటుంది చూడండి, అలాగన్నమాట. విండోస్ డెస్క్‌టాప్ కూడా అదే పట్టికను వాడుకుంటుంది, తన బటన్ల కోసం, అంచుల కోసం కొన్ని గళ్ళను తనవిగా ఉంచుకుంటుంది. గేమ్ తన పట్టికను పెట్టుకున్నాక, వెనక నడుస్తున్న డెస్క్‌టాప్ వచ్చి కొన్ని గళ్ళను మార్చేస్తే, ఆ నంబర్లున్న చుక్కలన్నీ ఒక్కసారిగా రంగు మారిపోతాయి. నీళ్ళ నంబర్లు ఆ గళ్ళలో పడితే నీళ్ళు ఎర్రబడతాయి.

విండోస్ 7 రోజుల్లో దీనికి అందరూ వాడిన చిట్కా ఒకటుంది. డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్‌నే ఆపేసి, గేమ్ ఆడి, అయ్యాక మళ్ళీ తెరవడం. గేమ్ ఫోల్డర్‌లో చిన్న బ్యాచ్ ఫైల్ రాసి పెట్టుకునేవాళ్ళు:

```
taskkill /f /im explorer.exe
start /wait Empires.exe
start explorer.exe
```

ఇప్పటికీ ఇది కొన్నిసార్లు పనిచేస్తుంది. కానీ జబ్బు అలాగే ఉంటుంది, పైగా గేమ్ మధ్యలో ఇరుక్కుపోతే టాస్క్‌బార్ లేని ఖాళీ తెర మిగులుతుంది. నాకు ఇంతకన్నా మంచి మందు `cnc-ddraw` దగ్గర దొరికింది. పేరు చూస్తే కమాండ్ అండ్ కాంకర్ గేముల కోసం పుట్టిందని తెలుస్తుంది గానీ, ఆ తరం గేములు చాలావాటికి పనిచేస్తుంది.

ఇది ఎలా పనిచేస్తుందంటే, అప్పటి గేములు బొమ్మ గీయడానికి విండోస్‌లోని `ddraw.dll` అనే ఫైల్‌ను పిలుస్తాయి. గేమ్ పక్కనే అదే పేరుతో ఇంకో ఫైల్ ఉంటే, విండోస్ తన ఫోల్డర్ కన్నా ముందు దాన్నే తీసుకుంటుంది. `cnc-ddraw` ఇచ్చే ఫైల్ ఆ పేరుతోనే ఉంటుంది. గేమ్ 256 రంగుల తెర అడిగితే సరే అంటుంది. నిజానికి తెర మారదు. పట్టికను తన దగ్గరే పెట్టుకుని, ప్రతి నంబర్‌నీ అసలు రంగుగా మార్చి, ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుకి అర్థమయ్యే పద్ధతిలో పంపుతుంది. డెస్క్‌టాప్‌కి ఆ పట్టిక కనిపించనే కనిపించదు, ఇక మార్చేదేముంది.

`Empires.exe` ఉన్న ఫోల్డర్‌లోనే `ddraw.dll`, `ddraw.ini` పెట్టాను. ఇందాక పెట్టిన 256 రంగుల టిక్ తీసేశాను, అది ఉంటే రెండూ పోట్లాడుకునే అవకాశం ఉంది. `ddraw.ini` లో ఈ మూడు లైన్లు ఇలా ఉండేలా చూశాను:

```
windowed=true
fullscreen=true
maintas=true
```

మొదటి రెండూ కలిసి ఉంటే గేమ్ అంచులు లేని కిటికీలో తెరంతా నిండుతుంది, ఆల్ట్, ట్యాబ్ నొక్కి బయటికి వచ్చినా కూలిపోదు. మూడోది నిష్పత్తి కాపాడుతుంది. ఈ గేమ్‌కి తెలిసినవి 640×480, 800×600, 1024×768 మాత్రమే, అన్నీ 4:3. నా తెర 1920×1080. మూడో లైన్ లేకపోతే ఏనుగులు అడ్డంగా సాగి కనిపిస్తాయి. అది పెడితే రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చి బొమ్మ సరిగ్గా ఉంటుంది. ఆ పట్టీలు నచ్చక చాలామంది సాగదీసుకుని ఆడతారు. నాకు మాత్రం గీసినవాళ్ళు గీసినట్టు చూడటమే ఇష్టం.

నీళ్ళు నీలంగా మారాయి. "వొలొలో" అంటూ పూజారి శత్రు సైనికుడిని తన వైపు తిప్పుకోవడం చూసి మావాడు పడిపడి నవ్వాడు. ఆ రోజంతా ఇంట్లో అదే పాట.

ఇక వైస్ సిటీ. ఇది ఎక్స్‌పీ కాలం నాటిది, 32-బిట్, 256 రంగుల గొడవ లేదు, బొమ్మ గీయడానికి డైరెక్ట్ త్రీడీ వాడుతుంది. ఇన్‌స్టాల్ అయ్యింది. ప్లే డిస్క్ డ్రైవ్‌లో పెట్టి ఐకాన్ నొక్కాను. ఏమీ జరగలేదు. ఎర్రర్ కూడా రాలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి మళ్ళీ నొక్కితే `gta-vc.exe` ఒక క్షణం కనిపించి మాయమైంది. ఇలా చప్పుడు లేకుండా ఆగిపోయిన ఆ కాలం సీడీ గేమ్‌ను చూస్తే నేను ముందు అనుమానించేది కాపీ తాళాన్ని.

వైస్ సిటీ సీడీ మీద ఉన్న తాళం పేరు సేఫ్‌డిస్క్. సీడీ తయారుచేసేటప్పుడే కొన్ని చోట్ల కావాలని చదవరాని ముద్రలు వేస్తారు. మామూలుగా కాపీ చేస్తే ఆ ముద్రలు సరిగ్గా రావు. ఒరిజినల్ డిస్కేనా అని చూడటానికి గేమ్ `secdrv.sys` అనే డ్రైవర్ సాయం తీసుకుంటుంది. ఆ డ్రైవర్ మామూలు ప్రోగ్రాములా కాక, విండోస్ లోపలి పొరలో, పూర్తి అధికారంతో నడుస్తుంది. అందులో భద్రతా లోపం ఉండటంతో మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో దాన్ని పెట్టనే లేదు. విస్టా, 7, 8లలో కూడా 2015 సెప్టెంబర్‌లో ఒక అప్‌డేట్‌తో ఆపేసింది. విండోస్ 11లోనూ అది లేదు. మన అనుమానం నిజమో కాదో తేల్చుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
sc query secdrv
```

నాకు 1060 అనే నంబర్‌తో, అలాంటి సర్వీసే లేదని జవాబు వచ్చింది. దాంతో తేలిపోయింది. గేమ్ బాగానే ఉంది, డిస్క్ బాగానే ఉంది, డబ్బు పెట్టి కొన్న ఒరిజినలే. కానీ డిస్క్‌ను గుర్తుపట్టాల్సిన కాపలావాడు లేడు కాబట్టి తలుపు తెరుచుకోదు. నాకు బాధ కలిగింది ఇక్కడే. 1990 నాటి గేమ్‌కి కాగితం పుస్తకం తాళంగా పెట్టారు, అది నేటికీ పనిచేస్తోంది. 2003 నాటి గేమ్‌కి విండోస్ లోపలి డ్రైవర్‌ను తాళంగా పెట్టారు, డబ్బిచ్చి కొన్నవాళ్ళకే అది అడ్డుగోడ అయ్యింది.

ఆ డ్రైవర్‌ను ఎక్కడినుంచో తెచ్చి పెట్టుకునే పద్ధతులు ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి. దానికి విండోస్‌లో డ్రైవర్ల సంతకం తనిఖీని ఆపాలి. రోజూ బ్యాంకు పనులు చేసుకునే లాప్‌టాప్‌లో, లోపం ఉందని తెలిసిన డ్రైవర్ కోసం ఆ పని చేయడం నేను ఒప్పుకోను. తాళం తీసేసిన ఎక్స్ఈ ఫైళ్ళు ఇచ్చే సైట్లూ అంతే, వాటితోపాటు ఏం దిగుతుందో చెప్పలేం. లాప్‌టాప్ లోపలే వర్చువల్ మెషీన్ పెట్టి అందులో ఎక్స్‌పీ నడిపినా, త్రీడీ వేగం సరిగ్గా అందదు, వ్యూహం ఆటలకి సరిపోవచ్చు గానీ కారు నడిపే గేమ్‌కి చాలదు.

డిజిటల్‌గా అమ్మే ప్రతుల్లో సేఫ్‌డిస్క్ ఉండదు, తేలికైన దారి అదే. అయితే తెరుచుకున్నాక ఇంకో రకం తేడాలు చూసుకోవాలి. నా దగ్గర డిజిటల్‌గా కొన్న జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఉంది, వైస్ సిటీ తర్వాత వచ్చిన గేమ్. అందులో డిస్‌ప్లే సెట్టింగుల్లో "Frame Limiter" అని ఉంటుంది. బొమ్మ ఇంకా మెత్తగా కదులుతుందని దాన్ని ఆపేస్తే, నీళ్ళలో హీరో ఈదుతున్నా దాదాపు ముందుకే కదలడు. ఈత లెక్కను సెకన్ల మీద కాక, తెర మీద మారే బొమ్మల వేగం మీద కట్టారు కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. కొత్త కంప్యూటర్ ఎంత వేగమైతే అంత తప్పు. ఆ టిక్‌ను ఉంచేయండి.

వైస్ సిటీ సీడీలను మాత్రం పాత డెస్క్‌టాప్‌కే తీసుకెళ్ళాను. అందులో ఎక్స్‌పీ ఇంకా ఉంది, ఎస్‌ఎంపీఎస్ మార్పించాక ఆన్ అయ్యింది. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014లోనే ఆగిపోయాయి కాబట్టి దానికి నెట్ కేబుల్ పెట్టలేదు, పెట్టను కూడా. అక్కడ గేమ్ మొదటి క్లిక్‌కే వచ్చింది.

చివరగా డిస్కులను దాచుకునే సంగతి. డేటా మాత్రమే ఉన్న సీడీని ఐఎస్‌ఓ ఫైల్‌గా కాపీ చేసి పెట్టుకోవచ్చు. విండోస్ 11లో దాని మీద డబుల్ క్లిక్ చేస్తే డ్రైవ్‌లో సీడీ పెట్టినట్టే కనిపిస్తుంది. క్వేక్ లాంటి కొన్ని గేముల సీడీల్లో సంగీతం ఆడియో సీడీ పాటల్లా విడిగా ఉంటుంది. వాటిని ఐఎస్‌ఓ చేస్తే పాటలు రావు, బిన్, క్యూ అనే జంట ఫైళ్ళుగా కాపీ చేయాలి. ఆ జంటను విండోస్ తనంతట తాను తెరవలేదు, దానికి వేరే ప్రోగ్రామ్ కావాలి. వైస్ సిటీ ప్లే డిస్క్‌కి మామూలు కాపీ కుదరదు, ఆ ముద్రలు రావు కదా. అందుకే దాన్ని వాడాక వెంటనే కవర్‌లో పెట్టమని మావాడికి గట్టిగా చెప్పాను.